చెవి కింద వాపు, చెవిపోటు: గవదబిళ్లలా, టాన్సిల్సా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, బరువు 20 కిలోలు. నిన్న పొద్దున్నుంచి ఎడమ చెంప, చెవి కింద భాగం వాచింది. చెవిలో పోటు అంటున్నాడు, అన్నం నమలమంటే ఏడుస్తున్నాడు. జ్వరం 101. మెడికల్ షాపులో చెప్తే టాన్సిల్స్ అని యాంటీబయాటిక్ సిరప్, చెవిలో వేసే చుక్కలు ఇచ్చారు. మా అత్తయ్య మాత్రం గవదబిళ్లలు అంటున్నారు. టాన్సిల్స్‌కి చెంప వాస్తుందా? స్కూలుకు పంపొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి మీ అత్తయ్యగారు చెప్పినదే అయ్యే అవకాశం ఎక్కువ. టాన్సిల్స్ ఎంత వాచినా చెంప వాయదు. టాన్సిల్స్‌తో పాటు వాచేది దవడ కింద, మెడలో ఉండే బిళ్ల. చెవి ముందు నుంచి చెవి కింద వరకు చెంప ఉబ్బి, నమిలితే నొప్పి వస్తోందంటే అది లాలాజల గ్రంథి వాపు. ఏడేళ్ల పిల్లవాడిలో ఇలా ఉన్నట్టుండి వస్తే మొదట అనుమానించాల్సింది గవదబిళ్లలనే. అది వైరస్ వల్ల వచ్చేది కాబట్టి యాంటీబయాటిక్ దానిమీద పనిచేయదు. చెవిలో చుక్కలు కూడా ఆ నొప్పి దగ్గరికి చేరవు. స్కూలుకు పంపకండి. రేపు ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి, ఎందుకంటే చేత్తో తాకి, నోట్లోకి లైటు వేసి చూడకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఈలోపు ఇంట్లో మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి.

నేను పిల్లల డాక్టర్‌ని. చెవి కింద వాపుతో వచ్చే పిల్లల్లో నేను మొదట చూసేది గొంతు కాదు, దవడ ఎముక. మీ చేతిని మీ దవడ మీదే పెట్టి చూడండి. గడ్డం నుంచి ఎముక అంచు పట్టుకుని వెనక్కి వెళ్తే చెవి కింద ఒక చోట ఎముక పైకి తిరుగుతుంది. దాన్ని దవడ మూల అనుకుందాం. ఆ మూలకు పైన, చెవికి ముందూ కిందా పరచుకుని ఉండేది పరోటిడ్ అనే లాలాజల గ్రంథి. ఆ మూలకు కింద, మెడ వైపు ఉండేవి లింఫ్ గ్రంథులు. మనం మామూలుగా బిళ్లలు కట్టాయి అనేది వీటి గురించే. టాన్సిల్స్‌లో ఇన్‌ఫెక్షన్ వస్తే వాచేది సరిగ్గా ఆ మూల కింద ఉన్న బిళ్ల.

ఇప్పుడు బాబును వెలుతురులో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి రెండు వైపులా పోల్చి చూడండి. తర్వాత వెనక్కి వెళ్లి, తల వెనక నుంచి రెండు చెవి తమ్మెలు చూడండి. పరోటిడ్ వాచినప్పుడు అది కింద నుంచి తోయడం వల్ల ఆ వైపు చెవి తమ్మె పైకి, బయటికి లేస్తుంది. వెనక నుంచి చూస్తే ఇది ముందు నుంచి కన్నా బాగా తెలుస్తుంది. ఆ తర్వాత రెండు చేతుల వేళ్లతో మెల్లగా రెండు దవడ మూలలూ తడమండి. నొక్కకండి, నొప్పి పుడుతుంది. మంచి వైపు ఎముక మూల స్పష్టంగా తగులుతుంది. వాచిన వైపు ఆ మూల వాపులో మునిగిపోయి తగలకపోతే అది పరోటిడ్. ఎముక అంచు మామూలుగానే తగులుతూ, దానికి కింద రేగుపండులా విడిగా ఒక బిళ్ల తగిలితే అది లింఫ్ గ్రంథి, అప్పుడు గొంతు వైపు చూడాలి. పరోటిడ్ వాపుకు అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చెప్పలేం. బిళ్లకు అంచులు తెలుస్తాయి.

చెవిపోటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మందుల షాపులో చుక్కలు ఇవ్వడానికి కారణం అదే, చాలామంది తల్లిదండ్రులు దారి తప్పేదీ అక్కడే. గవదబిళ్లల్లోనూ టాన్సిల్స్‌లోనూ చెవి నొప్పి వస్తుంది. రెండింటిలోనూ చెవి లోపల ఏ జబ్బూ ఉండదు. కానీ నొప్పి వచ్చే దారి వేరు.

పరోటిడ్ గ్రంథి చెవి రంధ్రానికి ఆనుకునే ఉంటుంది. దాని చుట్టూ సాగని గట్టి పొర ఒకటి ఉంటుంది. గ్రంథి వాచినప్పుడు ఆ పొర సాగదు కాబట్టి లోపల ఒత్తిడి పెరిగి నొప్పి పుడుతుంది. పక్కనే చెవి ఉంది, పైగా ఆ ప్రాంతానికీ చెవి ముందు భాగానికీ స్పర్శ తెలిపే నరం ఒకటే. అందుకే పిల్లవాడు చెంప నొప్పి అనకుండా చెవి నొప్పి అంటాడు. నమలడం మొదలుపెట్టగానే లాలాజలం ఊరుతుంది, వాచిన గ్రంథి మరింత బిగుస్తుంది, దవడ కదిలి దాన్ని నొక్కుతుంది. పులుపు తగిలితే ఇంకా ఎక్కువ. పులిహోర, నిమ్మకాయ పచ్చడి, చారు లాంటివి ఒక ముద్ద నోట్లో పెట్టగానే చెవి పట్టుకుని ఏడ్చే పిల్లలు ఉంటారు. దీన్ని పరీక్షించడానికి కావాలని నిమ్మరసం పెట్టకండి, పిల్లవాడిని బాధపెట్టడమే అవుతుంది. నిన్నటి నుంచి ఏం తిన్నప్పుడు ఎక్కువ ఏడ్చాడో గుర్తు చేసుకుంటే చాలు.

టాన్సిల్స్ నొప్పి అలా కాదు. టాన్సిల్‌కి, చెవి లోపలి భాగానికి స్పర్శ తెలిపే నరం ఒకటే కావడంతో గొంతులో పుట్టిన నొప్పిని మెదడు చెవిలోదిగా లెక్క కడుతుంది. ఇది మింగినప్పుడు పెరుగుతుంది. చెరువులో చేపలా నీళ్లు తాగే పిల్లవాడు కూడా గుక్క మింగడానికి మొహం చిట్లిస్తాడు, ఉమ్మి కూడా మింగలేక బయటికి వదిలేస్తాడు. కాబట్టి బాబును అడగాల్సిన ప్రశ్న "చెవి నొప్పా?" అని కాదు. "నమిలితే నొప్పా, మింగితే నొప్పా?" అని అడగండి. మెత్తటి అన్నం పెరుగుతో ఇస్తే నమలకుండా మింగేస్తున్నాడా, లేక నీళ్లు కూడా దిగడం లేదా చూడండి. మీరు నమలడానికి ఏడుస్తున్నాడని రాశారు, అది గ్రంథి వైపే చూపిస్తోంది.

ఇక నోట్లో చూడటం. సెల్‌ఫోన్ టార్చ్ సరిపోతుంది. నోరు బాగా తెరిచి "ఆ" అనమనండి. కొండనాలుకకు రెండు పక్కలా ఉండేవి టాన్సిల్స్. అవి పెద్దగా ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ కాదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు మామూలుగానే పెద్దవిగా కనిపిస్తాయి. ఎర్రగా కందిపోయి, పైన తెల్లటి మచ్చలో పొరో ఉండి, నోటి నుంచి దుర్వాసన వస్తుంటే టాన్సిలైటిస్ అనుకోవచ్చు. గవదబిళ్లల్లో గొంతు దాదాపు మామూలుగా ఉంటుంది, కాస్త ఎర్రగా ఉండొచ్చు. డాక్టర్లు మరొకటి కూడా చూస్తారు. బుగ్గ లోపలి వైపు, పై దవడ వెనక పళ్లకు ఎదురుగా చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. పరోటిడ్ నుంచి లాలాజలం నోట్లోకి వచ్చే గొట్టం అక్కడే తెరుచుకుంటుంది. గవదబిళ్లల్లో ఆ బొడిపె ఎర్రగా ఉబ్బి కనిపించవచ్చు. గ్రంథిని బయట నుంచి మెల్లగా నొక్కినప్పుడు అక్కడి నుంచి స్వచ్ఛమైన లాలాజలం వస్తే ఫరవాలేదు. చీము వస్తే అది గవదబిళ్లలు కాదు, బాక్టీరియా వల్ల గ్రంథిలో చీము పట్టింది, దానికి యాంటీబయాటిక్ తప్పనిసరి. ఈ నొక్కే పని మాత్రం ఇంట్లో చేయకండి.

ఒక కేసు చెప్తాను, ఈ జబ్బు ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. నాలుగో తరగతి చదివే పాప. మొదటి రోజు ఒళ్లు నొప్పులు, తలనొప్పి, కొద్ది జ్వరం, ఆకలి లేదు. రెండో రోజు ఎడమ చెవి నొప్పి అంది. వాపు ఇంకా కనిపించలేదు. ఎవరో చెవిలో ఇన్‌ఫెక్షన్ అనుకుని చుక్కలు, యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడో రోజు పొద్దున లేచేసరికి ఎడమ చెంప ఉబ్బింది. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఎడమ చెవి తమ్మె పైకి లేచి ఉంది, దవడ మూల తగల్లేదు. చెవిలో చూస్తే కర్ణభేరి శుభ్రంగా, మామూలు రంగులో ఉంది. గొంతు శుభ్రంగా ఉంది. బుగ్గ లోపల బొడిపె ఎర్రగా ఉంది. క్లాసులో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని అడిగితే పక్క బెంచీ అమ్మాయి రెండు వారాల పైనుంచి రావడం లేదని, మొహం వాచిందని పాపే చెప్పింది. అంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు. యాంటీబయాటిక్ ఆపించి, పారాసిటమాల్ మాత్రమే ఇచ్చాను. రెండో రోజుకు కుడి చెంప కూడా వాచింది. తల్లి భయపడి ఫోన్ చేసింది, మందు పనిచేయడం లేదేమో అని. ఒక వైపు మొదలై ఒకటి రెండు రోజుల్లో రెండో వైపు రావడం ఈ జబ్బులో మామూలే. కొందరికి ఒక్క వైపుతోనే ఆగిపోతుంది కూడా. జ్వరం రెండు మూడు రోజుల్లో పోయింది, వాపు వారం దాటేసరికి పూర్తిగా తగ్గింది.

ఆ ఇంట్లో నాలుగేళ్ల తమ్ముడున్నాడు. వాడి సంగతి ఇంకా ముఖ్యం. అక్కకు వాపు వచ్చిన 17వ రోజున వాడికి వాచింది, కానీ చెంప మామూలుగానే ఉంది. దవడ ఎముక కింద, గడ్డానికీ మూలకూ మధ్య వాచింది. అక్కడ సబ్‌మాండిబ్యులర్ అనే మరో లాలాజల గ్రంథి ఉంటుంది. గవదబిళ్లలు కొందరిలో దాన్నే వాచేలా చేస్తాయి. చేత్తో చూస్తే అది లింఫ్ బిళ్లలాగే అనిపిస్తుంది, పైన చెప్పిన దవడ మూల గుర్తు అక్కడ ఉపయోగపడదు. అక్కకు వచ్చి రెండున్నర వారాలైందన్న విషయం, గొంతు శుభ్రంగా ఉండటం, ఈ రెండూ కలిపితేనే తేలింది. గవదబిళ్లల వైరస్ ఒంట్లో చేరాక వాపు రావడానికి మామూలుగా 16 నుంచి 18 రోజులు పడుతుంది, తక్కువలో తక్కువ 12, ఎక్కువలో 25 రోజులు. అందుకే డాక్టర్ మిమ్మల్ని నిన్న మొన్నటి సంగతి కాదు, రెండు మూడు వారాల కిందటి సంగతి అడుగుతారు. బాబు క్లాసులో, ట్యూషన్‌లో, ఆ మధ్య వెళ్లిన పెళ్లిలో ఎవరికైనా చెంప వాచిందేమో కనుక్కుని వెళ్లండి.

దీనికి సరిగ్గా తిరగేసిన కేసు కూడా నాకు గుర్తుంది, అది చెప్పకపోతే ఈ సమాధానం సగమే. ఎనిమిదేళ్ల బాబు, కుడి వైపు దవడ కింద వాచింది, చెవి నొప్పి. ఇంట్లో పెద్దవాళ్లు గవదబిళ్లలే అని తేల్చి, మెడలో బంగారు గొలుసు వేసి, పసుపు సున్నం పట్టు వేసి, అదే తగ్గిపోతుందని నాలుగు రోజులు చూశారు. జ్వరం 103 దాకా వెళ్తోంది. నా దగ్గరికి వచ్చినప్పుడు చెంప మామూలుగా ఉంది. దవడ ఎముక అంచంతా స్పష్టంగా తగులుతోంది. దాని కింద గట్టి బిళ్ల, ముట్టుకుంటే నొప్పి. దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. నోరు తెరిపిస్తే టాన్సిల్స్ రెండూ ఎర్రగా, పైన తెల్లటి చీము మచ్చలు. గొంతు నుంచి శాంపిల్ తీసి పరీక్షిస్తే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా బయటపడింది. అమాక్సిసిలిన్ మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది. కానీ మందు పది రోజులూ వాడాలని గట్టిగా చెప్పాను. ఈ బాక్టీరియాను సగంలో వదిలేస్తే కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కీళ్ల నొప్పులతో రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. మన దేశంలో ఈ జబ్బు ఇంకా ఉంది. గవదబిళ్లలకు యాంటీబయాటిక్ అక్కర్లేదు అనే మాట ఎంత నిజమో, ఈ బాబులాంటి వాళ్లకు అది తప్పకుండా కావాలన్నదీ అంతే నిజం. అందుకే ఇంట్లో మీరు చూసుకున్నది డాక్టరుకు చెప్పడానికే పనికొస్తుంది, డాక్టరును మానేయడానికి కాదు.

ఇక్కడ ఒక మాట. పిల్లల్లో వచ్చే టాన్సిల్స్ వాపుల్లో కూడా చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. దగ్గు, జలుబు, గొంతు బొంగురు, కళ్లు ఎర్రబడటం ఉంటే వైరస్ అయ్యే అవకాశమే ఎక్కువ, యాంటీబయాటిక్ అవసరం పడదు. టాన్సిల్స్ అనగానే యాంటీబయాటిక్ సీసా చేతికివ్వడం ఆ రకంగా కూడా సరైన పద్ధతి కాదు.

రెండూ కానివి కూడా కొన్ని ఉంటాయి. చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు ఉంటే అది చెవి ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి పాకినట్టు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పుచ్చిపోయిన పన్ను కింద చీము పట్టినా దవడ వాస్తుంది, అందుకే పళ్లు కూడా చూస్తాం. ఒకే పిల్లవాడికి ఏడాదిలో రెండు మూడు సార్లు చెంప వాచి తగ్గుతుంటే అది మళ్లీ మళ్లీ గవదబిళ్లలు రావడం కాదు, గ్రంథికే సంబంధించిన వేరే సమస్య. దానికి అల్ట్రాసౌండ్ చేయించాలి.

పరీక్షల గురించి అడుగుతారేమో. మామూలు కేసుకు ఏమీ అక్కర్లేదు. సందేహంగా ఉంటే బుగ్గ లోపల నుంచి స్వాబ్ తీసి వైరస్ పరీక్ష చేయొచ్చు, వాపు మొదలైన మూడు రోజుల్లోపు అయితే బాగా పట్టుబడుతుంది. రక్తంలో అమైలేజ్ అనే ఎంజైమ్ పరీక్ష చేయించి, అది ఎక్కువ ఉందని క్లోమం దెబ్బతిందేమోనని హడలిపోయి వచ్చేవాళ్లను చూస్తుంటాను. అమైలేజ్ లాలాజల గ్రంథుల నుంచి కూడా వస్తుంది, గవదబిళ్లల్లో అది పెరగడం సహజం. కడుపు నొప్పి, వాంతులు ఉంటేనే క్లోమం సంగతి ఆలోచించాలి, అప్పుడు లైపేజ్ అనే మరో ఎంజైమ్ చూడాలి.

ఇప్పుడు మీ బాబుకు ఏం చేయాలి? నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్. 20 కిలోల పిల్లవాడికి ఒక మోతాదు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మి.లీ.లో 250 మిల్లీగ్రాములు అని ఉంటే 5 మి.లీ. సరిపోతుంది. 5 మి.లీ.లో 120 లేదా 125 అని ఉంటే అది పలచటి సిరప్, దానిలో 10 మి.లీ. కావాలి. సీసా మీద అంకె చూడకుండా కొలవకండి. మోతాదుకీ మోతాదుకీ ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగు మోతాదులు దాటకూడదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకండి. తినడానికి నమలనక్కర్లేనివి: మెత్తగా ఉడికిన పెసరపప్పు అన్నం, జావ, ఇడ్లీ పాలల్లో నానబెట్టి, అరటిపండు. పులుపు ఓ వారం పక్కన పెట్టండి, నారింజ రసం, మజ్జిగ పుల్లగా ఉంటే అవి కూడా. నీళ్లు తరచుగా కొద్దికొద్దిగా పట్టండి, మూత్రం మామూలుగా వెళ్తున్నాడో లేదో చూడండి. చెంప మీద చల్లటి తడిగుడ్డ గానీ గోరువెచ్చటి గుడ్డ గానీ, వాడికి ఏది హాయిగా ఉంటే అది. గొలుసు వేస్తామంటే వేయండి, నష్టం లేదు. సున్నం మాత్రం వద్దు, పిల్లల చర్మం కాలుతుంది, ఆ ఎర్రదనం వల్ల వాపు తీరు కూడా తెలియకుండా పోతుంది. చెవిలో నూనె, చుక్కలు ఆపేయండి.

స్కూలు సంగతి. చెంప వాచిన రోజు నుంచి ఐదు రోజులు ఇంట్లోనే ఉంచండి. ఈ వైరస్ వాపుకు రెండు రోజుల ముందు నుంచే ఉమ్మి, తుంపర్ల ద్వారా ఇతరులకు అంటుతుంది, కాబట్టి క్లాసులో కొందరికి ఇప్పటికే చేరి ఉండొచ్చు. టీచరుకు చెప్పండి, దాచాల్సిన జబ్బు కాదు. ఇంట్లో గ్లాసులు, చెంచాలు వేరుగా ఉంచండి. బాబు నాన్నగారికి గానీ, ఇంట్లో ఉన్న బాబాయ్, మామయ్యలకు గానీ చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చాయా, టీకా పడిందా అడగండి. రెండూ లేకపోతే వాళ్లు కాస్త దూరం పాటించడం మంచిది. యుక్తవయసు దాటిన మగవాళ్లకు ఈ జబ్బు వస్తే, టీకా లేనివాళ్లలో వందకు 15 నుంచి 30 మందికి వృషణాలు వాస్తాయి, సాధారణంగా చెంప వాచిన వారం రోజుల లోపు మొదలవుతుంది. చాలావరకు ఒక వైపే వస్తుంది. వాచినది తర్వాత కొంత చిన్నదైపోవచ్చు గానీ పూర్తిగా పిల్లలు పుట్టకుండా పోవడం అరుదు. మీ బాబు వయసులో ఇది దాదాపు రాదు, ఆ భయం పెట్టుకోకండి.

మీ బాబు విషయంలో నేను కనిపెట్టుకుని ఉండమనేది వేరేవి. తలనొప్పి బాగా పెరిగి, వాంతులై, మెడ వంచలేకపోతే, లేదా మత్తుగా పడి ఉంటే మెదడు పొరలకు వైరస్ తాకినట్టు. ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, కానీ ఇంట్లో ఉంచి చూడాల్సింది కాదు. బొడ్డు పైన గట్టిగా కడుపు నొప్పి, ఆగని వాంతులు ఉంటే అప్పుడు క్లోమం గురించి చూడాలి. ఇంకొకటి ఎవరూ చెప్పనిది, వినికిడి. అరుదుగా ఈ వైరస్ ఒక వైపు చెవి లోపలి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండో చెవి బాగానే వింటుంది కాబట్టి పిల్లవాడు చెప్పడు, తల్లిదండ్రులకు తెలియదు, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. వాపు తగ్గాక ఒకరోజు ఫోన్‌లో అమ్మమ్మతో మాట్లాడించి, ఒకసారి కుడి చెవి దగ్గర, ఒకసారి ఎడమ చెవి దగ్గర పెట్టండి. రెండు వైపులా ఒకేలా వింటే చాలు. తేడా అనిపిస్తే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి.

ఒకవేళ రేపు డాక్టర్ టాన్సిల్సే అంటే కనిపెట్టాల్సినవి వేరు. నోరు రెండు వేళ్లకు మించి తెరవలేకపోవడం, చొంగ కారడం, మాట ముద్దగా మారడం, కొండనాలుక ఒక పక్కకు తోసుకుపోవడం. టాన్సిల్ పక్కన చీము గడ్డ కడుతోందని వాటి అర్థం, రాత్రి అయినా ఆగకుండా వెళ్లాలి. గవదబిళ్లల్లో కూడా నొప్పి వల్ల నోరు కొంచెం తక్కువ తెరుస్తారు, కానీ మాట ముద్ద కాదు, చొంగ కారదు. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడితే జబ్బు పేరు ఏదైనా సరే, వెంటనే బయల్దేరండి.

బాబుకు టీకాలన్నీ వేయించాం, మరి ఇదెలా వచ్చింది అని మీరు అనుకుంటూ ఉండొచ్చు. టీకా కార్డు తీసి చూడండి. ప్రభుత్వ కార్యక్రమంలో 2017 నుంచి ఇస్తున్నది ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లాకు మాత్రమే. గవదబిళ్లలకు రక్షణ ఇచ్చేది ఎంఎంఆర్. పిల్లల డాక్టర్ల సంఘం దాన్ని 9 నెలలకు, 15 నెలలకు, మళ్లీ 4 నుంచి 6 ఏళ్ల మధ్య ఇవ్వమంటుంది, అది ఎక్కువగా ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకునేవారికే అందుతోంది. ఈ తేడా కార్డు మీద ఒక్క అక్షరమే కాబట్టి చాలామంది గమనించరు. ఎంఎంఆర్ వేయించినా వంద శాతం ఆపదు గానీ, వచ్చినా తేలిగ్గా పోతుంది. ఇంట్లో బాబుకు తమ్ముడో చెల్లెలో ఉండి ఎంఎంఆర్ పడకపోతే రేపు వెళ్లినప్పుడు అది కూడా అడగండి. ఇప్పటికే వైరస్ చేరి ఉంటే ఈ టీకా ఇప్పుడు దాన్ని ఆపలేదు, కానీ చేరకపోతే ముందు ముందు పనికొస్తుంది. గర్భంతో ఉన్నవారికి ఈ టీకా వేయకూడదు.

రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు షాపులో ఇచ్చిన సీసాలు రెండూ, టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ ఎన్ని మోతాదులు పడిందో చెప్పండి. గవదబిళ్లలే అని తేలితే అది అక్కడితో ఆపేయమంటారు, రెండు మూడు మోతాదులు పడినందువల్ల ఏమీ కాదు. గొంతులో చీము కనిపించి స్ట్రెప్టోకాకస్ అనుకుంటే మాత్రం ఏ మందు, ఎంత, పది రోజులా కాదా అని కాగితం మీద రాయించుకుని, జ్వరం తగ్గినా ఆపకండి. చూపించాక డాక్టర్ ఏమన్నారో ఇక్కడ రాయండి, ఇంకేదైనా సందేహం ఉంటే చెప్తాను.